శాశ్వతంగా వచ్చే లక్షకూ ఇరవై ఏళ్ళు వచ్చే లక్షకూ ధరలో తేడా ఇంతేనా?

ప్రశ్న: ఏటా లక్ష రూపాయల చొప్పున 20 ఏళ్ళు వచ్చే యాన్యుటీకి 8 శాతం రేటు మీద ఈనాటి విలువ కట్టితే రూ. 9,81,815 వచ్చింది. అదే లక్ష ఎప్పటికీ వస్తూనే ఉంటే రూ. 12,50,000 అట. ఇరవై ఏళ్ళ తర్వాతి అంతులేని కాలమంతా కలిపినా రెండు లక్షల డెబ్బై వేలు కూడా చేయదంటే నమ్మబుద్ధి కావడం లేదు. నేను ఎక్కడ పొరపాటు పడ్డాను? నిజంగా డబ్బు చేతులు మారేటప్పుడు ఈ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం:

మీరు పొరపాటు పడలేదు. రెండు అంకెలూ సరైనవే, వాటి మధ్య ఉన్న రూ. 2,68,185 తేడా కూడా సరైనదే. ఇరవై ఒకటో ఏట మొదలై ఎన్నటికీ ఆగని లక్షల వరుసను ఈ రోజే కొనాలంటే 8 శాతం రేటు మీద ఇవ్వవలసిన ధర అంతే. అయితే తేడా ఎప్పుడూ ఇంత స్వల్పంగానే ఉంటుందని అనుకోకండి. రేటు 2 శాతానికి దిగితే ఇరవై ఏళ్ళ తర్వాతి ఆ తోక భాగమే మొత్తం ధరలో మూడింట రెండు వంతులు ఆక్రమిస్తుంది. ఇక నమ్మకం సంగతికి వస్తే, సూత్రం ఎవరినీ మోసం చేయదు. చెల్లింపు ఏ తేదీన వస్తుంది, ఎన్నాళ్ళు వస్తుంది, దాన్ని ఏ రేటుతో ఈనాటి విలువకు తగ్గించాలి అన్న మూడింటిలో ఏదో ఒకదాన్ని మనం తప్పుగా అందించినప్పుడే జవాబు చెడుతుంది. దీర్ఘకాలిక చెల్లింపుల హక్కులకు విలువ కట్టడమే పాతికేళ్ళకు పైగా నా వృత్తి. ఈ కాలంలో నేను చూసిన తగాదాలలో సూత్రం గురించి వచ్చినది ఒక్కటీ లేదు, అన్నీ ఈ మూడింటి గురించినవే.

ముందు శాశ్వత చెల్లింపును తీసుకుందాం, ఎందుకంటే రెండింటిలో తేలికైనది అదే. మీ దగ్గర రూ. 12,50,000 ఉన్నాయనీ, వాటికి 8 శాతం వడ్డీ నిలకడగా వస్తుందనీ అనుకోండి. ఏడాది తిరిగేసరికి సరిగ్గా లక్ష వడ్డీ వస్తుంది. ఆ లక్ష తీసి ఎవరికైనా ఇచ్చేస్తే అసలు మళ్ళీ 12,50,000 దగ్గరే నిలుస్తుంది. మరుసటి ఏడు కూడా అదే జరుగుతుంది, వందో ఏడు కూడా అదే. అంటే పన్నెండున్నర లక్షలు చేతిలో ఉన్న ఎవరైనా శాశ్వత చెల్లింపును స్వయంగా తయారు చేసుకోగలరు. కాబట్టి దానికి అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి కొనేవారు ఒప్పుకోరు, తక్కువకు వదులుకోవడానికి అమ్మేవారు ఒప్పుకోరు. ఏటా వచ్చే మొత్తాన్ని రేటుతో భాగించడం అన్న చిన్న సూత్రం వెనుక ఉన్నది ఇంతే, అనంత శ్రేణుల సంకలనం తెలియని వారికి కూడా ఇది బోధపడుతుంది.

ఇప్పుడు ఆ శాశ్వత హక్కు మీ చేతిలో ఉందనీ, అందులో ఇరవై ఒకటో ఏటి నుంచి వచ్చే భాగాన్ని నాకు అమ్మేశారనీ అనుకుందాం. మీకు మిగిలింది ఇరవై చెల్లింపులు, అంటే ఒక యాన్యుటీ. నాకు దక్కింది, ఇరవయ్యో ఏటి చివర నా చేతికి వచ్చే ఒక సరికొత్త శాశ్వత చెల్లింపు. ఆ రోజున దాని ధర పన్నెండున్నర లక్షలే. ఇరవై ఏళ్ళ తర్వాత పన్నెండున్నర లక్షలు కావాలంటే ఈ రోజు ఎంత వేయాలి? 8 శాతం చక్రవడ్డీతో ఒక రూపాయి ఇరవై ఏళ్ళలో 4.661 రూపాయలు అవుతుంది. 12,50,000ను 4.661తో భాగిస్తే సుమారు 2,68,185 వస్తుంది. మీకు నమ్మశక్యం కాని ఆ తేడా ఇదే. దాన్ని పన్నెండున్నర లక్షల నుంచి తీసివేస్తే మీ 9,81,815 మిగులుతుంది.

```
P = C / r
A = C / r − (C / r) / (1 + r)^n
  = C × [1 − (1 + r)^(−n)] / r
```

ఇందులో `C` ఒక్కో చెల్లింపు, `r` ఒక్కో కాలావధికి రేటు, `n` చెల్లింపుల సంఖ్య, `P` శాశ్వత చెల్లింపు విలువ, `A` యాన్యుటీ విలువ. యాన్యుటీ అంటే ఈ రోజు మొదలయ్యే శాశ్వత చెల్లింపులో నుంచి, ఆలస్యంగా మొదలయ్యే మరో శాశ్వత చెల్లింపును తీసివేయగా మిగిలినది. మూడో వరుసను కంఠస్థం చేసినవారు దాన్ని మరిచిపోతారు. రెండో వరుసలో ఉన్న బేరాన్ని అర్థం చేసుకున్నవారు మూడోదాన్ని ఎప్పుడైనా తిరిగి రాబట్టుకోగలరు.

ఇరవై ఏళ్ళ యాన్యుటీలో డబ్బు ఎలా కదులుతుందో ఖాతా పుస్తకంలో చూస్తే రెండింటి స్వభావంలోని తేడా కంటికి కనబడుతుంది. మొదటి రోజున నిల్వ 9,81,815. ఏడాది చివర దాని మీద వడ్డీ 78,545. ఇవ్వవలసింది లక్ష కాబట్టి మిగతా 21,455 అసలులో నుంచే తీయాలి, నిల్వ 9,60,360కి దిగుతుంది. రెండో ఏట వడ్డీ 76,829కి తగ్గుతుంది, అసలులో నుంచి 23,171 పోతుంది. ఇలా ఏటేటా వడ్డీ వాటా కరుగుతూ అసలు వాటా పెరుగుతూ, చివరి ఏడు మొదలయ్యేసరికి నిల్వ 92,593 మాత్రమే ఉంటుంది. దాని మీద వచ్చే 7,407 వడ్డీతో కలిపి సరిగ్గా లక్ష అవుతుంది, ఇచ్చేస్తే ఖాతా సున్నా. శాశ్వత చెల్లింపులో అసలును ముట్టుకోరు, యాన్యుటీలో అసలును వడ్డీతో కలిపి తినేస్తారు. మీరు అదనంగా ఇచ్చే రూ. 2,68,185 ఆ అసలు అరగకుండా కాపాడడానికి అయ్యే ఖర్చు అని కూడా చెప్పుకోవచ్చు. నేను కొత్తగా చేరినవారి చేత ఏ విలువ కట్టించినా ఈ పట్టికను చివరి వరుస దాకా వేయిస్తాను. చివర సున్నా రాకపోతే పైన ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఇక్కడే ఒక జాగ్రత్త. సూత్రం చెప్పే విలువ మొదటి చెల్లింపు తేదీ నాటిది కాదు, దానికి సరిగ్గా ఒక కాలావధి ముందటిది. మా కార్యాలయంలోనే ఒకసారి, ఇరవై ఒకటో ఏటి చివర మొదలయ్యే శాశ్వత హక్కుకు విలువ కట్టిన సహోద్యోగి పన్నెండున్నర లక్షల వంటి మొత్తాన్ని ఇరవై ఒక్క ఏళ్ళు వెనక్కి తగ్గించారు. మొదటి చెల్లింపు ఇరవై ఒకటో ఏట వస్తుంది కాబట్టి ఇరవై ఒకటి అనడం చెవికి సబబుగానే వినిపిస్తుంది. కానీ భాగించగా వచ్చిన విలువ ఇరవయ్యో ఏటి చివరనాటిది కాబట్టి తగ్గించవలసింది ఇరవై ఏళ్ళే. మీ అంకెలతో చెబితే ఆ పొరపాటు 2,68,185ను 2,48,319కి దించుతుంది, అంటే అమ్మేవారు దాదాపు ఇరవై వేలు ఊరికే వదులుకున్నట్టు.

ఇప్పుడు రేటు సంగతి. తోక ధర పూర్తిగా రేటు చేతిలో ఉంటుంది. 8 శాతం దగ్గర మొత్తం 12,50,000లో ఇరవై ఏళ్ళ తర్వాతి భాగం 21.5 శాతం. 4 శాతం దగ్గర శాశ్వత చెల్లింపు ధర 25 లక్షలు, అందులో ఇరవై ఏళ్ళ యాన్యుటీ 13,59,033, మిగిలిన 11,40,967 తోకది, అంటే 45.6 శాతం. 2 శాతం దగ్గర మొత్తం 50 లక్షలు కాగా యాన్యుటీ 16,35,143 మాత్రమే, మిగతా 67 శాతానికి పైగా తోకే. రేటు ఎంత తక్కువైతే దూరపు రూపాయి అంత తక్కువగా కరుగుతుంది. కనుక మీరు ఆశ్చర్యపోయిన సంగతి అంకగణితానికి సంబంధించినది కాదు, 8 శాతానికి సంబంధించినది. అదే ప్రశ్నను 2 శాతంతో వేసి ఉంటే, ఇరవై ఏళ్ళు వచ్చే డబ్బుకు మొత్తంలో మూడో వంతు కూడా రాలేదేమిటని తిరగేసి అడిగి ఉండేవారు.

దీని ప్రభావం బేరంలో నేరుగా కనిపిస్తుంది. రేటు 8 నుంచి 7కు మారితే ఇరవై ఏళ్ళ యాన్యుటీ 9,81,815 నుంచి 10,59,401కి, అంటే సుమారు 8 శాతం పెరుగుతుంది. శాశ్వత చెల్లింపు 12,50,000 నుంచి 14,28,571కి, అంటే 14 శాతానికి పైగా పెరుగుతుంది. అందుకే శాశ్వత హక్కు బేరాలలో చెల్లింపు మొత్తం గురించి కంటే రేటులోని అర శాతం గురించి ఎక్కువ వాదించుకోవాలి. ఆ రేటు ఎక్కడి నుంచి రావాలన్నదానికి నా పద్ధతి ఒక్కటే: అంతే నమ్మకంగా, అంతే కాలం డబ్బు ఇచ్చే మరొకచోట ఇదే సొమ్ము పెడితే ఎంత వస్తుందో చూస్తాను. చెల్లించేవారు మధ్యలో ఎగవేసే అవకాశం ఉంటే రేటు పెరగాలి. కొనేవారు తమ సొంత అప్పు మీద కడుతున్న వడ్డీ రేటును తెచ్చి ఇక్కడ పెట్టడం మాత్రం సరికాదు, ఎందుకంటే హక్కు విలువ చెల్లించేవారి భరోసాను బట్టి ఉంటుంది గాని కొనేవారి అవసరాన్ని బట్టి కాదు.

ఇక కాగితం మీద సులభంగా కనిపిస్తూ డబ్బు దగ్గర ఎక్కువ నష్టం చేసే విషయం, చెల్లింపుల విడత. కొన్నేళ్ళ క్రితం ఒక వ్యక్తి నా దగ్గరకు ఒక లేఖ పట్టుకుని వచ్చారు. ఆయనకు నెలకు రూ. 10,000 చొప్పున ఇంకా పదిహేనేళ్ళు, అంటే 180 వాయిదాలు రావలసి ఉంది. చెల్లించే సంస్థ ఆ హక్కును వదులుకుంటే ఏకమొత్తంగా రూ. 9,67,283 ఇస్తామంది. రేటు ఏడాదికి 9 శాతం అని ఇరుపక్షాలూ ముందే ఒప్పుకున్నాయి, కాబట్టి వాదించడానికి ఏమీ లేదని ఆయన అనుకున్నారు. ఊరికే ఒకసారి సరిచూసి పెట్టమని అడిగారు.

వాళ్ళు ఎలా కట్టారో తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలింది. నెలకు పదివేలు కాబట్టి ఏడాదికి 1,20,000 అనుకుని, 9 శాతం దగ్గర ఏటా ఒక్క రూపాయి చొప్పున పదిహేనేళ్ళు వచ్చే యాన్యుటీ విలువతో, అంటే యాన్యుటీ గుణకమైన 8.0607తో గుణించారు. ఆ లెక్కలో, జనవరిలో రావలసిన పదివేలు కూడా ఆ ఏడాది డిసెంబరు చివరనే వచ్చినట్టు అవుతుంది. పన్నెండు వాయిదాలలో పదకొండింటిని నెలల తరబడి వెనక్కి నెట్టి, ఆ ఆలస్యానికి కూడా తగ్గింపు కోసుకున్నారన్నమాట. వాయిదా నెలకైతే రేటు కూడా నెలకే ఉండాలి, `n` కూడా నెలలలోనే ఉండాలి. ఒప్పందంలో ఉన్నది ఏడాదికి నికరంగా 9 శాతం కాబట్టి నెల రేటు 1.09కి పన్నెండో మూలం తీసి ఒకటి తగ్గించగా వచ్చే 0.72073 శాతం. 180 నెలలకు గుణకం 100.656, విలువ సుమారు రూ. 10,06,560.

సంస్థ తరఫు గుమాస్తా దానికి అంగీకరించకుండా, 9ని 12తో భాగించి నెలకు 0.75 శాతం వేశారు. అప్పుడు వచ్చేది రూ. 9,85,934. ఇది అర్థం లేని లెక్కేమీ కాదు. నెలకు 0.75 శాతం చక్రవడ్డీ వేస్తే ఏడాదికి 9.38 శాతం అవుతుంది, అలాంటి రేటు ఒప్పందంలో ఉంటే ఆ అంకే సరైనది. కానీ ఈ ఒప్పందంలో ఏడాదికి 9 శాతం అని, ఏడాదికొకసారి వడ్డీ అసలులో కలుస్తుందని స్పష్టంగా రాసి ఉంది. పేరుకు చెప్పే రేటుకూ నికరంగా పడే రేటుకూ మధ్య తేడా ఎక్కడ ఉందో ఒప్పంద పత్రంలో వేలు పెట్టి చూపించగలగాలి. పత్రం ఆ విషయంలో మౌనంగా ఉంటే ఇద్దరి లెక్కలూ నిలుస్తాయి, అప్పుడు అది గణితం కాదు, బేరం.

కథ అక్కడ ముగియలేదు. వాయిదాలు నెల చివర కాకుండా నెల మొదటి తేదీన వస్తాయని పత్రం రెండో పేజీలో ఉంది, పైగా పరిష్కారం జరిగే రోజునే ఒక వాయిదా పడుతోంది. ముందుగా వచ్చే యాన్యుటీ అయితే ప్రతి చెల్లింపూ ఒక నెల ముందుకు జరుగుతుంది, కాబట్టి మొత్తాన్ని 1.0072073తో గుణించాలి. తుది అంకె సుమారు రూ. 10,13,800 దగ్గర నిలిచింది. ఒకే చెల్లింపు, ఒకే కాలం, ఇద్దరూ ఒప్పుకున్న ఒకే రేటు, అయినా మొదటి లేఖకూ చివరి అంకెకూ మధ్య నలభై ఆరు వేల పైచిలుకు తేడా. సంస్థ దురుద్దేశంతో చేసిందని నేను అనుకోను. ఏడాది పట్టిక చేతిలో ఉంది, దాన్నే వాడారు. మీరు ఇలాంటి లేఖ అందుకుంటే దాన్ని పట్టుకునే పద్ధతి చెబుతాను: ఇస్తామన్న మొత్తాన్ని ఒక వాయిదాతో భాగించండి. ఇక్కడ 96.73 వచ్చింది. తర్వాత ఏడాది గుణకాన్ని పన్నెండుతో గుణించి చూడండి. ఆ రెండూ అచ్చంగా ఒకటే అయితే నెలవారీ చెల్లింపును ఏడాది పట్టికలో పెట్టారన్నమాట.

మూడో విషయం, ఎన్నాళ్ళు అన్నది. మీ ప్రశ్నలో ఇరవై ఏళ్ళు ఖాయంగా ఉన్నాయి. కానీ జీవించి ఉన్నంతకాలం వచ్చే చెల్లింపులకు కూడా చాలామంది ఇదే సూత్రాన్ని వాడుతూ, సగటు మిగులు ఆయుష్షు ఇరవై ఏళ్ళు కాబట్టి `n` స్థానంలో 20 వేస్తారు. అది ఎప్పుడూ ఎక్కువ విలువనే చూపిస్తుంది. కారణం చిన్న ఉదాహరణతో తేలుతుంది. ఒక వ్యక్తి పదేళ్ళు జీవించే అవకాశం సగం, ముప్ఫై ఏళ్ళు జీవించే అవకాశం సగం అనుకోండి, సగటు ఇరవై. 8 శాతం దగ్గర పదేళ్ళ గుణకం 6.7101, ముప్ఫై ఏళ్ళ గుణకం 11.2578, రెండింటి సగటు 8.9839. ఏటా లక్షకు ఇది రూ. 8,98,393 అవుతుంది, ఇరవై ఏళ్ళ ఖాయమైన యాన్యుటీ 9,81,815 కాదు. అదనంగా బతికిన పదేళ్ళలో వచ్చే చెల్లింపులు దూరపువి కాబట్టి వాటి విలువ తక్కువ, ముందే పోయిన పదేళ్ళలో కోల్పోయినవి దగ్గరివి కాబట్టి వాటి విలువ ఎక్కువ. లాభం, నష్టం ఏళ్ళలో సమానమే అయినా డబ్బులో సమానం కావు. ఈ పనికి సరైన దారి, ఒక్కో ఏటి చెల్లింపును ఆ ఏటికి వ్యక్తి జీవించి ఉండే సంభావ్యతతో గుణించి, ఆపైన తగ్గించి, అన్నిటినీ కూడటం. ఎడ్మండ్ హేలీ 1693లోనే బ్రెస్లావు నగరపు జనన మరణ లెక్కల నుంచి పట్టిక తయారు చేసి, జీవితకాల యాన్యుటీల విలువను ఇలాగే కట్టి చూపించారు. తోకచుక్క పేరుతో గుర్తుండిపోయిన హేలీయే ఆయన.

ఇక శాశ్వత చెల్లింపు దగ్గర జాగ్రత్తపడవలసినది, అది నిజంగా శాశ్వతమేనా అన్నది. దీనికి బ్రిటిష్ ప్రభుత్వపు రుణపత్రాలైన కన్సోల్స్‌కు మించిన ఉదాహరణ లేదు. పాత అప్పులను కలిపి 1751లో ప్రారంభించిన ఈ పత్రాలకు గడువు తేదీ ఉండేది కాదు, వడ్డీ మాత్రం ఆగకుండా వస్తూనే ఉండేది. పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ శాశ్వత చెల్లింపుకు వీటినే చూపిస్తాయి. అయితే ముఖ విలువ ఇచ్చేసి పత్రాన్ని వెనక్కి తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉండేది. మార్కెట్లో వడ్డీ రేట్లు తగ్గాక, 1888లో ఆర్థిక మంత్రి గోషెన్ ఆ హక్కును చూపించి 3 శాతం పత్రాలను 2.75 శాతానికి మార్పించారు, 1903 నుంచి అది 2.5 శాతానికి దిగేలా ముందే ఏర్పాటు చేశారు. మిగిలిన గడువు లేని పత్రాలన్నిటినీ 2015లో ప్రభుత్వం డబ్బు చెల్లించి రద్దు చేసింది.

ధర కట్టేటప్పుడు దీని అర్థం ఏమిటో చూడండి. వంద ముఖ విలువ గల పత్రం ఏటా 2.5 ఇస్తుంటే, రేటు 5 శాతం ఉన్నప్పుడు సూత్రం 50 అంటుంది, మార్కెట్టు కూడా దాదాపు అలాగే అంటుంది. రేటు 2 శాతానికి పడితే సూత్రం 125 అంటుంది. కానీ 125 పెట్టి కొన్న మరునాడే ప్రభుత్వం వంద చేతిలో పెట్టి పత్రం తీసుకుపోగలదు కాబట్టి వివేకం ఉన్నవారు వందకు మించి పెద్దగా ఇవ్వరు. వెనక్కి తీసుకునే హక్కు చెల్లించేవారి దగ్గర ఉంటే, రేటు పెరిగినప్పటి నష్టం పూర్తిగా మీది, రేటు తగ్గినప్పటి లాభం మాత్రం వారిది. అందువల్ల పత్రంలో అలాంటి షరతు కనిపిస్తే నేను రేటుతో భాగించగా వచ్చిన అంకెను గరిష్ఠ పరిమితిగా మాత్రమే చూస్తాను.

అలాంటి షరతుకు చిక్కకుండా నిజంగానే బతికిపోయిన పత్రాలూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో లెక్ నది కరకట్టలను చూసుకునే లెక్‌డైక్ బొవెన్‌డామ్స్ అనే నీటి సంస్థ 1648లో మేకతోలు మీద రాసి ఇచ్చిన వెయ్యి గిల్డర్ల పత్రం ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. మొదట 5 శాతం ఉన్న వడ్డీ కాలక్రమంలో తగ్గి ఏడాదికి 11.35 యూరోల దగ్గర నిలిచింది, 2015లో పన్నెండేళ్ళ బాకీ కింద 136.20 యూరోలు విశ్వవిద్యాలయానికి అందాయి. 4 శాతం దగ్గర ఈ వరుస ధర 284 యూరోలు కూడా ఉండదు. విశ్వవిద్యాలయం 2003లో దాన్ని సుమారు 24,000 యూరోలకు కొన్నది, అది చారిత్రక వస్తువు ధర తప్ప చెల్లింపుల ధర కాదు. మన లెక్కకు పనికివచ్చేది ఆ 11.35 అన్న అంకె. నది పనులకు తీసుకున్న మొత్తంలో భాగమైన అప్పు, ధరలతో పాటు పెరగని వడ్డీ వల్ల మూడున్నర శతాబ్దాలలో ఒక పూట ఖర్చుకు వచ్చింది.

అందుకే ఈ కాలపు దీర్ఘ ఒప్పందాలలో చాలావాటికి ఏటా కొంత శాతం పెరుగుదల ఉంటుంది, అప్పుడు శాశ్వత చెల్లింపు సూత్రంలో రేటు స్థానంలో రేటుకూ పెరుగుదలకూ మధ్య తేడా వస్తుంది.

```
P = C / (r − g)
```

ఇక్కడ `C` ఏడాది తర్వాత వచ్చే మొదటి చెల్లింపు, ఈ రోజు చేతిలో పడేది కాదు. `g` ఏటా పెరుగుదల, అది `r` కంటే తక్కువ ఉంటేనే ఈ సూత్రానికి అర్థం. మీ లక్ష ఏటా 3 శాతం పెరిగితే 8 శాతం దగ్గర ధర 12,50,000 నుంచి 20 లక్షలకు లేస్తుంది. 5 శాతం పెరిగితే 33,33,333. పెరుగుదలలో రెండు శాతం మార్పుకు పదమూడు లక్షల తేడా వచ్చిందంటే, ఆ అంకెలో నిజమైన సమాచారం కంటే మన ఊహ వాటా ఎక్కువ ఉందన్నమాట. ధరల పెరుగుదలను తీసివేసిన రేటును కింద వేసి, ధరల పెరుగుదలతో కలిసిన చెల్లింపును పైన వేయడం కూడా ఇక్కడ తరచుగా జరిగే పొరపాటే. రెండూ ఒకే రకానివై ఉండాలి.

ఇలాంటి అంకె నా బల్ల మీదకు వస్తే నేను మీ ప్రశ్నలోని పనే చేస్తాను, మొత్తాన్ని రెండు ముక్కలుగా కోస్తాను. ఏటా 5 శాతం పెరిగే చెల్లింపుల వరుసలో మొదటి నలభై ఏళ్ళ విలువ సుమారు 22.5 లక్షలు, దాదాపు పదకొండు లక్షలు నలభై ఏళ్ళ అవతలి చెల్లింపులవి. అంటే ధరలో మూడో వంతు, నలభై ఏళ్ళ తర్వాత కూడా అదే సంస్థ అదే వేగంతో పెంచుతూ చెల్లిస్తుందన్న నమ్మకానికి ఇస్తున్నది. ఒక హక్కు విషయంలో సరిగ్గా ఈ పరిస్థితి వచ్చినప్పుడు, మొదటి ముక్కకు పూర్తి విలువ కట్టి, రెండో ముక్కలో పెరుగుదల లేదనుకుని వేరుగా లెక్కించి, రెండు అంకెలనూ విడివిడిగానే నివేదికలో రాశాను. కొనేవారు మొదటిదానికి మారుమాట లేకుండా ఒప్పుకున్నారు, రెండోదాని మీద మాత్రం మూడు వారాలు బేరం సాగింది.